జైతున్ బీ లూడో పైసలు

బోయిగూడ గల్లీలో జైతున్ బీ ఇల్లెక్కడని అడిగితే ఎవరూ వేలు చూపించరు, చెవి ఒగ్గి వినమంటారు. పికో మిషను గిర్రుమనే చప్పుడు ఎక్కడినుంచి వస్తే అదే ఇల్లు. అరవై ఒక్కేళ్ల మనిషి. పొద్దున తొమ్మిదికి మిషను ముందు కూర్చుంటే దీపాలు పెట్టే వేళకు గానీ లేవదు. చీరలకు ఫాల్ కుడుతుంది, కొంగుకు పికో చేస్తుంది. పెళ్లిళ్ల రోజుల్లో ఆమె ముందు గది నిండా చీరలే. ఆ చీరలు కట్టుకునే ఆడవాళ్లలో ఒక్కరి మొహం కూడా ఆమెకు తెలియదు. దుకాణం కుర్రాళ్లు తెస్తారు, దుకాణం కుర్రాళ్లే పట్టుకుపోతారు.

భర్త ఇస్మాయిల్ ఉన్నప్పుడు ఇలా ఉండేది కాదు. ఆయనకు రాంగోపాల్‌పేట్‌లో మ్యాచింగ్ సెంటర్ ఉండేది. చీర కొంగు అలా చూసి, దానికి సరిపోయే జాకెట్టు ముక్కను గుట్టలోంచి కళ్లు మూసుకుని లాగేవాడు. తొమ్మిదేళ్ల కింద ఆయన పోయాడు. దుకాణం ఆయన తమ్ముళ్లకు పోయింది. ఆమెకు ఇల్లు మిగిలింది, మిషను మిగిలింది. పిల్లలు లేరు. ఇస్మాయిల్ స్కూటరు కొన్నాళ్లు వాకిట్లో ఉండి, తుప్పు పట్టి, పాత సామాన్ల వాడి బండెక్కింది. దాని నంబరు మాత్రం ఆమె దగ్గరే ఉంది. అదెక్కడుందో తర్వాత చెప్తాను, ఈ కథంతా దానివల్లే వచ్చింది.

జైతున్ బీకి నోరు కాస్త ఎక్కువ. ముఖ్యంగా ఫోన్లంటే. గల్లీలో ఎవడైనా తల వంచుకుని ఫోన్ చూసుకుంటూ నడిస్తే చాలు, మిషను ఆపి మరీ అందుకునేది. "ఏందిరా, నేలమీద పైసలు పడ్డయా? తలకాయ ఎత్తి నడువు!" అనేది. ఆడవాళ్లను కూడా వదిలేది కాదు. పొయ్యిమీద పాలు పొంగిపోతుంటే ఫోన్లో బొమ్మలు చూసే కోడళ్ల గురించి ఆమె చెప్పిన మాటలు బోయిగూడ దాటి పోయాయి. శ్రీరంగ నీతులు చెప్పడంలో ఆమెకు సాటి లేదనుకోండి. ఎందుకంటే, సాయంత్రం ఏడున్నర దాటాక తలుపు దగ్గరగా వేసి ఆమె చేసే పని కూడా అదే. ఫోన్లో లూడో ఆడేది.

ఆ ఆట నేర్పింది పైడి. పూర్తి పేరు పైడిశ్రీ, ఎనిమిదేళ్ల పిల్ల. విజయనగరం వైపునుంచి వచ్చి పై అంతస్తులో అద్దెకుంటున్న వాళ్ల కూతురు. తండ్రి దేముడుబాబు రైల్లో ఏసీ బోగీ అటెండరు. వారంలో రెండు రోజులు ఇంట్లో ఉంటే గొప్ప. తల్లి తిరుమల రక్తపరీక్షల ల్యాబ్‌లో పనిచేస్తుంది, ఇంటికి వచ్చేసరికి ఏడున్నర. బడి వదిలిన దగ్గర్నుంచి ఆ ఏడున్నర దాకా పైడి జైతున్ బీ దగ్గర ఉంటుంది. ఎవరూ ఒప్పందం రాసుకోలేదు. ఒకనాడు వాన వస్తే పిల్ల మెట్ల కింద తడుస్తూ నిలబడింది, జైతున్ బీ లోపలికి పిలిచి తువ్వాలు ఇచ్చింది. అప్పటినుంచి రెండేళ్లుగా ఆ పిల్లకు రోజూ వాన వచ్చినట్టే లెక్క.

మూడున్నరకు పైడి వస్తుంది కాబట్టి మూడుకే జైతున్ బీ చాయ్ పెట్టడం మానేసి పాలు కాస్తుంది. మూడుంబావుకు ఒకసారి వాకిట్లోకి వచ్చి చూస్తుంది. ఆ పిల్ల సంచి మంచం మీద పడేసి, "అమ్మమ్మా, ఇవాళ ఏమైందో తెలుసా?" అనగానే ఇంట్లో ఉన్న చీరలన్నిటికీ రంగు వచ్చేది. చెప్పేదేముంటుంది, ఎవరో ఎవరి పెన్సిలో తీసుకున్నారు. ఆ పెన్సిలు గొడవ వినడానికే ఆమె పొద్దుటినుంచి బతికేది. ఇది నేను ఎక్కువ చేసి చెప్పడం లేదు.

ఇక స్కూటరు నంబరు. జైతున్ బీకి కంటి ఆపరేషను అయ్యాక చిన్న అంకెలు చెదురుతాయి. తోపుడుబండి దగ్గర టమాటాలు కొని, ఫోన్లో డబ్బు పంపేటప్పుడు పిన్ కొట్టమంటే రెండుసార్లు తప్పు కొట్టేది. వెనక జనం విసుక్కునేవాళ్లు. అందుకని పైడిని పక్కన పెట్టుకుని, "కొట్టు బిడ్డా, తాతయ్య స్కూటరు నంబరు" అనేది. పైడి టకటకా కొట్టేది. టింగుమని చప్పుడు వచ్చేది. కూరగాయల రోసమ్మ నవ్వేది. ఒక చేతిలో సంచి, ఇంకో చేతిలో ఆ పిల్ల చెయ్యి పట్టుకుని ఇంటికి నడవడం జైతున్ బీకి ఎంత ఇష్టమంటే, చూపు బాగున్నా ఆమె బహుశా అంకెలు కనిపించవనే చెప్పేది.

ఆ ఆదివారం పొద్దున పైడి లేదు. తండ్రి ఇంట్లో ఉన్న రోజు, ముగ్గురూ ఎక్కడికో పోయారు. జైతున్ బీ ఒక్కతే రోసమ్మ బండి దగ్గరకు పోయి, కళ్లు చికిలించుకుని, మూడోసారికి పిన్ సరిగ్గా కొట్టింది. డబ్బు పోలేదు. ఖాతాలో అంత లేదంటోంది ఫోను.

"లేకపోవుడేంది? శుక్రవారమే దుకాణపోళ్లు ఏసిండ్రు గదా!" అంది జైతున్ బీ.

"రేపిద్దువులే అమ్మా" అంది రోసమ్మ. అలా అనడం జైతున్ బీకి చెంపమీద కొట్టినట్టు ఉంది. ఆమె జన్మలో కొత్తిమీర కట్ట కూడా అరువు తేలేదు. సంచి అక్కడే పెట్టేసి, తిన్నగా ముదస్సిర్ దుకాణానికి నడిచింది.

ముదస్సిర్‌ది గల్లీ చివర సెల్‌ఫోన్ల దుకాణం. మనిషి పట్టేంత వెడల్పు, మనిషి పడుకోవడానికి చాలని పొడుగు. రీఛార్జిలు, గ్లాసులు అతికించడం, పాత ఫోన్లు బాగుచేయడం అతని పని. జైతున్ బీ ఫోను అమ్మింది అతనే, అందులో అన్నీ పెట్టి ఇచ్చిందీ అతనే. ఆమెను ఖాలా అంటాడు, పిన్నీ అన్నట్టు.

మెసేజీలు చూసి, "పదిహేను వందల తొంభై తొమ్మిది పోయింది ఖాలా. నిన్న సాయంత్రం ఐదూ పన్నెండుకు" అన్నాడు.

ఆమె మనసులో లెక్క కట్టుకుంది. దాదాపు పదహారు చీరల పని. "ఎవడన్న దొంగ పడ్డడా?"

"ఆగు జెర." ప్లే స్టోర్ తెరిచి, కొన్నవాటి జాబితా తీశాడు. "దొంగ కాదు. లూడోల కొన్నరు. పైసల పెట్టె అంట. ఆటల వాడే పైసలు, అవి లేకుంటే అవతలోళ్లతోని ఆడనియ్యదు." తలెత్తి చూశాడు. "లూడో ఎవరాడుతరు ఖాలా?"

దుకాణం ముందు ఇద్దరు ముగ్గురు నిలబడి ఉన్నారు. వాళ్లలో ఒకడిని ఆమె మొన్ననే తల ఎత్తి నడవమంది.

"పిల్లనే. పైన తిరుమల బిడ్డ" అంది.

అబద్ధం కాదు, ఆ పిల్ల ఆడుతుంది కూడా. కానీ ఆ మాట అన్నప్పుడు తేలు కుట్టిన దొంగలా ఉంది ఆమె పరిస్థితి. శనివారం పైడి వెళ్లిపోయాక ఆమె లూడో తెరిచి చూస్తే లోపల కుప్పలుగా పైసలున్నాయి. ముందు రోజు సున్నా. ఇదెలా వచ్చిందని ఆలోచించకుండా, ఆటవాడు ఏదో బహుమానం ఇచ్చాడనుకుని వరసగా ఐదు ఆటలు ఆడింది. ఇప్పుడు తెలిసింది, ఇచ్చిన బహుమానం ఎవరి సొమ్మో.

ముదస్సిర్ తల గోక్కున్నాడు. "యూపీఐ పిన్ కొట్టందే పోదు గదా. పిన్ పిల్లకు తెలుసా?"

"నేనే చెప్పిన. కూరగాయల కాడ కొట్టనీకి."

"ఏం పని చేసినవ్ ఖాలా! దీనికి రెండు తాళాలుంటయ్. ప్లే స్టోర్ తాళం ఒకటి, అది నీ ఫోన్ల ఏసే లేదు. రెండోది పిన్. దాని చెవి పిల్ల చేతిల పెట్టినవ్."

పక్కన నిలబడ్డవాడు సలహా ఇచ్చాడు. ఎవరో హ్యాక్ చేశారని పెట్టేయమన్నాడు, తొందరగా వస్తాయట.

"నువ్వుండు భాయ్" అన్నాడు ముదస్సిర్. "అట్ల పెడితే దొంగతనం కేసు లెక్క చూస్తరు. చూస్తే ఇదే ఫోను, ఇదే పిన్. ఉన్నది ఉన్నట్టు పెడదాం. కొని రెండు రోజులు కాలే, టైమున్నది. ఇస్తరని గ్యారంటీ మాత్రం లేదు ఖాలా. పిన్ ఇంకొకరికి ఇచ్చినోళ్లకు ఇయ్యం అని కూడా అనొచ్చు. బ్యాంకుకు పోతే నీ పిన్‌తోనే పోయింది గదా అంటరు. అడిగి చూద్దాం."

ఆ కొన్న వస్తువు పక్కన, సమస్య తెలపండి అన్నచోట నొక్కాడు. కారణాల జాబితా వచ్చింది. ఒక్కొక్కటీ తెలుగులో చెప్పుకుంటూ పోయాడు. పొరపాటున కొన్నాను. ఇక వద్దు. ఈ ఖర్చు నేను గుర్తుపట్టలేదు. స్నేహితులు గానీ కుటుంబ సభ్యులు గానీ నా అనుమతి లేకుండా కొన్నారు.

"ఆ ఆఖరిది" అని, "నీకేమైతది ఆ పిల్ల? దోస్తా, ఇంటిమనిషా?" అన్నాడు నవ్వుతూ.

అతను ఊరికే అన్నాడు. జైతున్ బీ మాత్రం ఊరికే వినలేదు. అద్దెకున్నవాళ్ల పిల్ల. రేపు ఇల్లు మారితే గల్లీ చివర తిరిగి చెయ్యి ఊపుతుంది, అంతే. ఇన్నేళ్లలో ఈ మాట ఆమెను ఎవరూ అడగలేదు, ఆమె కూడా తనను తాను అడగలేదు.

"రెండిట్ల ఏది పెడతవ్?" అంది మెల్లగా.

"రెండూ ఒక్కటే గీత ఖాలా. ఒక్కటే నొక్కుడు."

ఆమెకు ఎందుకో కొంచెం హాయిగా అనిపించింది. కింద ఉన్న ఖాళీలో ముదస్సిర్ రాశాడు. ఇంట్లో ఆడుకునే చిన్నపిల్ల నాకు తెలియకుండా ఆటలో కొన్నది, దయచేసి వాపసు ఇవ్వండి. రాసింది చదివి వినిపించి పంపాడు. అందిందని వెంటనే మెయిలు వచ్చింది. జవాబు ఒకరోజులో రావచ్చు, నాలుగు రోజులు కూడా పట్టొచ్చు.

"తేలేదాంక ఆటల ఆ పైసలు ముట్టొద్దు. ఇచ్చినా ఒక్కసారే ఇస్తరు, మళ్ల గిట్లయితే ఇయ్యరు. తాళాలు వేద్దాం పా" అన్నాడు.

చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే, కానీ ఆ ఆకులు పట్టుకోవడమూ సులువుగా కాలేదు. ప్లే స్టోర్ సెట్టింగుల్లో ప్రతి కొనుగోలుకూ ధ్రువీకరణ అడగాలని పెట్టాడు. అందుకు వేలిముద్ర కావాలి. ఆమె బొటనవేలు పెట్టింది. ఫోను ఒప్పుకోలేదు. చూపుడు వేలు, మధ్యవేలు, ఏదీ ఒప్పుకోలేదు. నలభై ఏళ్ల సూది పోట్లకు, గుడ్డ రాపిడికి ఆ వేళ్లమీద గీతలు ఎప్పుడో చెరిగిపోయాయి. రేషన్ దుకాణంలోనూ ఇదే తంటా. చివరికి ఎడమచేతి చిటికెన వేలిని ఫోను గుర్తుపట్టింది. ఒంట్లో కష్టపడనిది అదొక్కటే కాబోలు.

తర్వాత పిన్ మార్చమన్నాడు. పాతది కొట్టాలి, కొత్తది కొట్టాలి. పాతది ఆమె నెమ్మదిగా, ఒక్కొక్క అంకె ఇస్మాయిల్‌ను తలుచుకుంటూ కొట్టింది. కొత్తది కొట్టేటప్పుడు ముదస్సిర్ మొహం అటు తిప్పుకుని, "నాకు సుత చెప్పకు. ఎవరికీ చెప్పకు" అన్నాడు. ఆ నాలుగు అంకెలూ ఇప్పుడు ఆమెకు తప్ప లోకంలో ఎవరికీ తెలియవు. భద్రం అంటే ఇలాగే ఉంటుంది మరి.

ఆ సాయంత్రం ఆమె లూడో తెరవలేదు. ఏడున్నరనుంచి పడుకునేదాకా ఎంతసేపుంటుందో ఆమె చాలా కాలం తర్వాత మళ్లీ చూసింది. లూడోలో అవతల ఎవరుంటారో ఆమెకు తెలియదు. ఒకరి పేరు పక్కన చిలక బొమ్మ, ఇంకొకరికి మల్లెపూలు. కాయ చంపితే ఏడుపు మొహం పంపేవారు, ఆమె గెలిస్తే చప్పట్లు పంపేవారు. బొమ్మలే, కాని వాటిని ఎక్కడో ఒక మనిషి వేలు నొక్కితేనే కదా వచ్చేది. ఆ రాత్రి ఆ వేళ్లు కూడా లేవు. అన్నం తిన్న గిన్నె కడిగి, తడి ఆరేదాకా దాన్నే చూస్తూ కూర్చుంది.

సోమవారం మూడున్నరకు పైడి వచ్చి సంచి పడేసింది. జైతున్ బీ కోపంగా ఉండాలని పొద్దుటినుంచి అనుకుని ఉంది.

"పైడీ, శనివారం నా ఫోన్ల ఏమన్న కొన్నవా?"

పిల్ల మొహం విచ్చుకుంది. భయం కాదు, సంతోషం. "చూశావా అమ్మమ్మా? ఎన్ని వచ్చాయో చూశావా? నేనే కొన్నా!"

"ఎందుకు కొన్నవే?"

"నువ్వే కదా శుక్రవారం ఏడ్చినట్టు చెప్పావు. పైసలు అయిపోయినయి, ఇయ్యాల నాతోని ఎవరూ ఆడరు అని. నేను పైకి పోయాక నువ్వు ఒక్కదానివే ఉంటావు కదా. అందుకని పెద్ద పెట్టె కొన్నా. అది చానా రోజులు వస్తుంది."

శుక్రవారం ఆ మాట తను అన్నట్టే జైతున్ బీకి గుర్తులేదు. పెద్దవాళ్లు ఏదో అని మర్చిపోతారు, పిల్లలు దాన్ని మోసుకు తిరుగుతారు.

"ఆటల నొక్కితే నా ఖాతాలకెంచి నిజం పైసలు పోతయి బిడ్డా. నువ్వు కొట్టిన నంబరు అదే" అంది జైతున్ బీ. ఆ పిల్లకు కూరగాయలకు పోయే డబ్బు వేరు, ఆటలో పైసలు వేరు అనే ఉంది ఇంతవరకూ. కళ్లు పెద్దవి చేసింది. జైతున్ బీ దగ్గరకు తీసుకుని, "అమ్మకు చెప్పకు, నేను చూసుకుంటా" అంది. చెప్పకు అనడం ఆమె చేసిన రెండో తప్పు.

ఎనిమిదేళ్ల పిల్ల పొట్టలో మాట దాగుతుందా? ఏడున్నరకు పైడి పైకి వెళ్లింది. ఎనిమిదింబావుకు తిరుమల దిగి వచ్చింది. ఇంకా ల్యాబ్ బట్టల్లోనే ఉంది. చేతిలో మూడు ఐదువందల నోట్లు, ఒక వంద నోటు.

"తీసుకోండమ్మా" అంది. "ఇప్పుడే దాన్ని రెండు తగిలించాను. ఏటి చేసీసిందో దానికి తెలీడం లేదు. ముదస్సిర్‌గారి కొట్టుకాడ కూడా అడిగాను, లూడో ఆడి ఆడి కొనీసిందంట కదా. మీకు రెండేళ్లుగా ఊరికే శ్రమిచ్చాను. రేపటినుంచి ట్యూషన్‌కి పంపుతాను, బడి పక్కనే. ఏడు దాకా ఉంచుకుంటారు, ల్యాబ్ నుంచి వస్తూ నేనే తెచ్చుకుంటాను. ఫోన్లో మాటాడీసాను."

పైనుంచి సన్నగా ఏడుపు వినిపిస్తోంది. తను చేసిన తప్పుకు కాదు, తను ఇచ్చిన కానుకకు దెబ్బలు తిన్న పిల్ల ఏడుపు. జైతున్ బీ ఆ నోట్లు ముట్టుకోలేదు. ఇప్పుడు నోరు విప్పితే రేపు గల్లీలో తలెత్తుకోలేనని ఆమెకు తెలుసు. విప్పకపోతే ఆ పిల్ల కళ్లలోకి చూడలేనని అంతకంటే బాగా తెలుసు.

"కూసో తిరుమలా" అంది. "లూడో ఆడేది నేను."

తిరుమలకు అర్థం కాలేదు.

"రోజూ ఆడుత. మీరు తలుపేసుకున్నంక పది దాంక ఆడుత. మొన్న పైసలు అయిపోయినయని నీ బిడ్డ ముంగట ఏడ్చిన. అది నా కోసం కొన్నది. ముదస్సిర్‌కు పిల్లనే అని చెప్పింది నేనే, సిగ్గుకు. పిన్ ఇచ్చింది నేనే. నీ బిడ్డది ఏం తప్పు లేదు. కొట్టాలంటే నన్ను కొట్టు."

ఈ చివరి మాటకు తిరుమల కళ్లలో నీళ్లు తిరిగాయి. నోట్లు మడిచి మిషను మీద పెట్టబోతే జైతున్ బీ ఆపింది. వాపసుకు పెట్టాం, వస్తే వస్తాయి, రాకపోతే నావే పోతాయి అంది.

"దాన్ని అనవసరంగా కొట్టీసానమ్మా" అంది తిరుమల లేస్తూ. గుమ్మం దగ్గర ఆగింది. "కానీ ట్యూషన్‌కి ఫీజు కట్టీసాను. లెక్కల్లో కూడా వెనకబడీపోతంది. మీమీద కోపంతో కాదు."

"కాదులే" అంది జైతున్ బీ. కోపంతో అయినా బాగుండేది, కోపం నాలుగు రోజుల్లో తగ్గుతుంది. లెక్కలు తగ్గవు.

మర్నాడు మూడుకు అలవాటు చొప్పున పాలు కాచింది. మూడుంబావుకు వాకిట్లోకి వచ్చి, గుర్తొచ్చి, లోపలికి పోయింది. పాలు తోడుపెట్టింది. బుధవారం ముదస్సిర్ దుకాణానికి పోయి, పదిమందీ వింటుండగా, ఆడింది నేనే అని చెప్పింది. అతను నవ్వలేదు. "పెట్టిన కారణం సరిగ్గనే ఉంది ఖాలా. నీ అనుమతి లేకుండ పిల్లనే కొన్నది గదా" అన్నాడు. నవ్వే పని గల్లీ చూసుకుంది. ఆ సాయంత్రమే ఒకడు ఆమె కిటికీ ముందు ఆగి, "అమ్మా, ఆరు పడ్డదా?" అని అరిచి పోయాడు. ఆమె మిషను ఆపలేదు.

గురువారం మెయిలు వచ్చింది, వాపసుకు ఒప్పుకున్నామని. డబ్బు ఖాతాలో పడడానికి ఇంకో నాలుగు రోజులు పట్టింది. ముదస్సిర్ చూపించాడు. జాబితాలో ఆ కొనుగోలు పక్కన, వాపసు ఇచ్చాము అని ఉంది. రోసమ్మ బండి దగ్గరకు పోయి టమాటాలు కొని, కొత్త పిన్ తనే కొట్టింది. మొదటిసారికే టింగుమంది.

"ఏం అమ్మా, చిన్నది రావట్లే?" అంది రోసమ్మ.

"సదువుకుంటంది" అంది జైతున్ బీ. ఒక చేతిలో సంచి ఉంది. రెండో చేతిని ఏం చేయాలో తెలియక ఫోను పట్టుకుని నడిచింది.

ఇంటికి వచ్చి లూడో తెరిచింది. పైసల దగ్గర సున్నా ఉంది. డబ్బు వాపసు ఇచ్చి ఆటవాడు తన పెట్టెను తను తీసుకున్నాడు, న్యాయమే. ఆ సున్నాను చూస్తుంటే ఆమెకు ఒక మాట తట్టింది. ఇస్మాయిల్ పోయాక, ఈ తొమ్మిదేళ్లలో, ఆమె కోసమని ఎవరైనా కొన్నది ఆ పెట్టె ఒక్కటే. దాన్ని తను వాపసు ఇచ్చేసింది. ఇన్ని రోజులూ రాని ఏడుపు అప్పుడు వచ్చింది.

ఏడున్నరకు మెట్ల దగ్గర చెప్పుల చప్పుడైంది. పైడి, వెనక తిరుమల. పిల్ల తల్లి చెయ్యి వదిలించుకుని లోపలికి దూరింది. "పది నిమిషాలే" అంది తిరుమల గుమ్మంలోంచి, పైకి పోతూ.

పైడి వచ్చీ రాగానే ఫోను చూసింది. సున్నా చూసింది. "వాపస్ ఇచ్చేశావా?" అని ఆగి, "నీకు నచ్చలేదా?" అంది.

"మస్తు నచ్చినయి బిడ్డా" అంది జైతున్ బీ. "గంత నచ్చింది ఎవరూ ఇయ్యలే నాకు. పైసలు పెట్టి కొనేదైతే కాదు, గందుకే వాపస్ ఇచ్చిన."

పైడికి ఆ మాట అర్థమైందో లేదో. మంచం ఎక్కి పక్కన కూర్చుని, ఆటలో ఏదో నొక్కింది. "ఇద్దరం ఒకే ఫోన్లో ఆడితే పైసలు అడగదు అమ్మమ్మా. పక్కన మనిషి ఉంటే చాలు. నాకు ఎర్రది, నీకు పచ్చది."

ఇన్నాళ్లూ జైతున్ బీకి ఆ సంగతి తెలియదు. సాయంత్రాల్లో పక్కన మనిషి లేని వాళ్లకు అది తెలిసే దారి కూడా లేదు. ఆడారు. పైడికి రెండుసార్లు ఆరు పడింది, ఎర్ర కాయ బయటకొచ్చి సగం దూరం పోయింది. పచ్చ కాయ దాని వెనకే పడింది. మూడంటే మూడు పడితే చంపేయొచ్చు. జైతున్ బీకి మూడే పడింది. ఆమె ఆ కాయను వదిలేసి వేరేది జరిపింది. పైడి చూసి నవ్వింది. ఇంతలో పైనుంచి తల్లి పిలిచింది.

"రేపు పూర్తి చేద్దాం, మూసేయకు" అని పరుగెత్తింది పిల్ల.

జైతున్ బీ మూసేయలేదు. తెరమీద పాచిక ఎర్ర గడి పక్కన నిలబడి, పైడి వంతు అని చూపిస్తోంది. ఎవరి వేలైనా నొక్కొచ్చు, ఆ ఆట వేలిముద్ర అడగదు. ఆమె ఫోనును చార్జింగ్‌కు పెట్టి, మిషను మీద ఆనించి, దీపం ఆర్పి పడుకుంది. మధ్యలో ఒకసారి లేచి చూసింది. వంతు ఇంకా ఎర్రదానిదే.